గోడ మీది టైమ్ టేబుల్ వరుసల్లోకి మారే తీరు

పాఠశాల గోడ మీద ఉన్న టైమ్ టేబుల్ పోస్టర్‌లో ఒక గడిలో ‘గణితం’ అని రాసి ఉంటుంది. అది ఏ రోజు గణితమో ఆ గడిలో ఉండదు, ఎడమ చివర నిలువు వరుసలో ఉంటుంది. ఎన్ని గంటలకో కూడా ఆ గడిలో ఉండదు, అది పోస్టర్ పైభాగాన ఉంటుంది. చూసేవాళ్ల కన్ను ఎడమకూ పైకీ ఒక్క క్షణంలో వెళ్లి వస్తుంది కాబట్టి ఈ సంగతి ఎవరికీ తట్టదు. అదే టైమ్ టేబుల్‌ను ఫోన్ క్యాలెండర్‌లోకో, సెలవు పెట్టిన ఉపాధ్యాయుల పీరియడ్లు సర్దే పట్టికలోకో ఎక్కించాలంటే మాత్రం ఒక్కో పీరియడ్ తన వివరమంతా తానే మోసుకుని రావాలి. రోజు, మొదలయ్యే సమయం, ముగిసే సమయం, విషయం, ఈ నాలుగూ ఒకే వరుసలో ఉండాలి. ఫోటోలోంచి అక్షరాలు బయటికి తీయడం ఈ పనిలో తేలికైన భాగం. పోస్టర్ మీద ఒక మాట ఏ చోట ఉందో, ఆ చోటుకున్న అర్థాన్ని వరుసలోకి తేవడమే అసలు పని. తప్పులు కూడా ఎక్కువగా అక్కడే పుడతాయి.

ఒక పోస్టర్‌ను ఎదురుగా పెట్టుకుంటే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. ఎనిమిదో తరగతి టైమ్ టేబుల్ ఫ్లెక్సీ మీద అచ్చు వేయించి ఉందనుకుందాం. ఎడమ పక్కన సోమవారం నుంచి శనివారం వరకు 6 రోజులు. పైన 8 పీరియడ్ల అంకెలు, ఒక్కో అంకె కింద ఒక సమయం: 9.30, 10.15, 11.10, 11.50, 1.15, 1.55, 2.45, 3.25. రెండో పీరియడ్ తర్వాత ఒక సన్నని నిలువు పట్టీ, అందులో ‘విరామం 11.00’. నాలుగో పీరియడ్ తర్వాత కొంచెం వెడల్పు పట్టీ, ‘భోజన విరామం 12.30’. ఆరో పీరియడ్ తర్వాత మరో సన్నని పట్టీ, ‘విరామం 2.35’. పోస్టర్ అడుగున రెండు మూడు పంక్తుల్లో పొడి అక్షరాల వివరణ, వారానికి ఏ విషయానికి ఎన్ని పీరియడ్లో తెలిపే చిన్న పట్టిక, ‘చివరి గంట 4.05’ అన్న మాట, ఏ తేదీ నుంచి అమలన్నదీ ఉంటాయి.

ఫోటో తీసేటప్పుడు చాలామంది పట్టికను మాత్రమే ఫ్రేములోకి తెచ్చి అడుగు భాగాన్ని వదిలేస్తారు. ఆ అడుగు భాగం లేకపోతే చివరి పీరియడ్ ఎప్పుడు ముగుస్తుందో పట్టిక చెప్పదు, పొడి అక్షరాలకు అర్థం దొరకదు, తర్వాత సరిచూసుకోవడానికి లెక్కా ఉండదు. అందుకే పోస్టర్ నాలుగు అంచులూ ఫోటోలో కనబడాలి. ఫ్లాష్ వేయకూడదు. ఫ్లెక్సీ మీదా, లామినేషన్ మీదా ట్యూబ్‌లైట్ వెలుగు పడిన చోట తెల్లటి మచ్చ ఏర్పడి, దాని కింద ఉన్న అక్షరాలు ఫోటోకు దక్కకుండా పోతాయి. ఆ లైటు ఆర్పితే చాలు. ఆర్పడం కుదరకపోతే ఒక అడుగు పక్కకు జరిగి తీసినా మచ్చ తప్పుకుంటుంది. అక్షరాలు కూడా మరీ చిన్నవిగా పడకూడదు. అక్షరం ఎత్తు ఫోటోలో 20 పిక్సెళ్లకు తగ్గితే చదివే సాఫ్ట్‌వేర్ తడబడుతుంది, తెలుగులో ఒత్తులూ గుణింతాల గుర్తులూ ముందుగా చెరిగిపోతాయి. పోస్టర్ పెద్దదైతే ఎడమ సగం, కుడి సగం విడివిడిగా తీసి, రెండింటిలోనూ రోజుల పేర్లకు బదులు మధ్యలోని ఒక నిలువు వరుస ఉమ్మడిగా ఉండేలా చూసుకోవచ్చు.

పోస్టర్ సాధారణంగా తల కంటే ఎత్తులో ఉంటుంది. కింది నుంచి తీసిన ఫోటోలో పై అంచు ఇరుకుగా, కింది అంచు వెడల్పుగా పడుతుంది. సోమవారం మూడో పీరియడ్, శనివారం మూడో పీరియడ్ పోస్టర్ మీద ఒకే నిలువు గీతలో ఉన్నా, ఫోటోలో ఒకదాని కింద ఒకటి ఉండవు. దీన్ని ముందే సరిచేయాలి. పట్టిక నాలుగు మూలలను గుర్తించి, వాటిని దీర్ఘచతురస్రం మూలలకు లాగితే లోపలి గీతలన్నీ నిటారు అవుతాయి. ఫోన్లలోని స్కాన్ యాప్‌లు చేసేది ఇదే. అయితే ఇది చదునుగా ఉన్న పోస్టర్‌కే పనికొస్తుంది. కింది అంచు చుట్టుకుపోయి మధ్యలో ఉబ్బిన పోస్టర్‌కు మూలలు సరిపోయినా గీతలు వంపు తిరిగే ఉంటాయి. తీసే ముందే అంచులను చేత్తో అదిమి పట్టుకోవడం కంటే మంచి ఉపాయం లేదు.

నిటారు చేసిన ఫోటో 2400 పిక్సెళ్ల వెడల్పు, 1400 పిక్సెళ్ల ఎత్తు ఉందనుకుందాం. పై వరుసకు 200, ఒక్కో రోజుకు 200. రోజుల పేర్లకు ఎడమ నుంచి 240 పిక్సెళ్లు, ఒక్కో పీరియడ్‌కు 240, రెండు సన్నని పట్టీలకు 60 చొప్పున, భోజన విరామానికి 120. కూడితే సరిగ్గా 2400. ఈ కొలతలు కాగితం మీద ఒకసారి రాసుకుంటే, మిగతా పనంతా వాటి మీదే నడుస్తుంది.

ఇక చదివించడం. తెలుగు, ఇంగ్లీషు రెండూ చదవగల సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఎవరైనా ఉచితంగా వాడుకోగల టెసరాక్ట్ వాటిలో ఒకటి. ఫోటోను ఇచ్చి, మాటలు మాత్రమే కావాలని అడిగితే ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి చదివిన మాటలు వరసగా వస్తాయి. ఇక్కడే పెద్ద ప్రమాదం ఉంది. ఈ పోస్టర్‌లో శుక్రవారం ఆరో పీరియడ్ గడి ఖాళీ. సాఫ్ట్‌వేర్‌కు ఖాళీ గడి కనబడదు, దానికి కనబడేది సిరా మాత్రమే. కాబట్టి శుక్రవారానికి 8 బదులు 7 మాటలు వస్తాయి. వాటిని వచ్చిన వరసలోనే పీరియడ్లకు పంచితే ఏడో పీరియడ్‌లోని సాంఘిక శాస్త్రం ఆరో పీరియడ్‌లోకి, ఎనిమిదో పీరియడ్‌లోని ఆటలు ఏడో పీరియడ్‌లోకి జరుగుతాయి. ఒక్క అక్షరం కూడా తప్పు ఉండదు. విషయాల పేర్లన్నీ సక్రమంగా, సమయాలన్నీ సక్రమంగా కనబడతాయి. వాటి జోడీ మాత్రం తప్పు. అక్షర దోషమైతే చదివినవారి కంటికి తగులుతుంది, ఇది తగలదు. మొత్తం పనిలో అన్నిటికంటే భయపడాల్సిన తప్పు ఇదే.

దీనికి విరుగుడు, మాటల వరసను కాకుండా వాటి చోటును నమ్మడం. టెసరాక్ట్‌ను పట్టిక రూపంలో ఫలితం అడిగితే ప్రతి మాటతో పాటు అది ఎడమ అంచు నుంచి ఎంత దూరంలో ఉంది, పై నుంచి ఎంత కింద ఉంది, దాని వెడల్పు ఎంత, ఎత్తు ఎంత అన్నవి పిక్సెళ్లలో ఇస్తుంది. ఆ మాటను ఎంత నమ్మకంతో చదివిందో 100కు ఇన్ని అని కూడా చెబుతుంది. శుక్రవారం ‘సాంఘిక’ అన్న మాట ఎడమ నుంచి 1980 దగ్గర మొదలై 120 వెడల్పు ఉందంటే దాని మధ్య 2040 దగ్గర ఉన్నట్టు. పైన రాసుకున్న కొలతల ప్రకారం ఏడో పీరియడ్ 1920 నుంచి 2160 వరకు. కాబట్టి అది ఏడో పీరియడే. ఆరో పీరియడ్ అయిన 1620, 1860ల మధ్య ఏ మాటా లేదు కాబట్టి అది ఖాళీ. ఆ ఖాళీకి కూడా ఒక వరుస రాసి, విషయం దగ్గర ‘ఖాళీ’ అని పెట్టడం మంచిది. వరుసే లేకపోతే అది నిజంగా ఖాళీయో, చదవడంలో జారిపోయిందో తర్వాత ఎవరూ చెప్పలేరు.

చోటును నమ్మినా సరిపోని సందర్భం ఒకటుంది. అవి కలిపిన గడులు. ఈ పోస్టర్‌లో గురువారం ఐదు, ఆరు పీరియడ్లను ఒకే పెద్ద గడిగా చేసి ‘ప్రయోగశాల’ అని రాశారు. ఆ మాట 1470 దగ్గర మొదలై 300 వెడల్పు ఉంది. మధ్య 1620. అది సరిగ్గా ఐదు, ఆరు పీరియడ్ల మధ్య ఉండాల్సిన గీత మీద పడింది. గీత మీద మాట ఉండదు కాబట్టి అక్కడ గీత లేదనే అర్థం. రెండు గడులు కలిసినప్పుడు ఈ ఆనవాలు దాదాపు ఎప్పుడూ దొరుకుతుంది. శనివారం ఏడు, ఎనిమిది కలిపి రాసిన ‘బాలసభ’ కూడా 2160 మీద, అంటే గీత మీదే ఉంటుంది.

మూడు గడులు కలిస్తే మాత్రం ఈ ఆనవాలు దొరకదు. సోమ, మంగళ, బుధవారాల మొదటి పీరియడ్లు మూడింటినీ నిలువుగా కలిపి ‘తెలుగు’ అని ఒకే మాట రాశారనుకుందాం. ఆ గడి పై నుంచి 200 దగ్గర మొదలై 800 దగ్గర ముగుస్తుంది. దాని మధ్య 500. మంగళవారం గడి మధ్య కూడా 500. కాబట్టి లెక్క ప్రకారం తెలుగు మంగళవారానికి మాత్రమే చేరుతుంది, సోమ, బుధవారాల మొదటి పీరియడ్లు ఖాళీగా మిగులుతాయి. ఒక మాటకు పైనా కిందా, లేదా అటూ ఇటూ సమానంగా ఖాళీలు కనబడితే అక్కడ ఫోటోలో గీతలు ఉన్నాయో లేవో కళ్లతో చూసి తీరాలి. శుక్రవారం ఆరో పీరియడ్ నిజమైన ఖాళీ, ఎందుకంటే దాని నాలుగు వైపులా గీతలున్నాయి. సోమవారం మొదటి పీరియడ్ ఖాళీ కాదు, ఎందుకంటే దాని కింద గీత లేదు.

కలిపిన గడి వరుసలుగా మారేటప్పుడు అడ్డంగా కలిసిందా, నిలువుగా కలిసిందా అన్నదాన్ని బట్టి ఫలితం వేరవుతుంది. నిలువుగా కలిసినది మూడు రోజుల పాఠం, అది మూడు వరుసలవుతుంది. అడ్డంగా కలిసినది ఒకే రోజు ఆగకుండా సాగే పాఠం, అది ఎక్కువ నిడివి ఉన్న ఒకే వరుస అవుతుంది. గురువారం ప్రయోగశాల 1:15కి మొదలై 2:35కి ముగిసే ఒక్క వరుస. అయితే కలిపిన గడి మధ్యలో విరామం ఉంటే ఆ లెక్క మారుతుంది. రెండు, మూడు పీరియడ్లను విరామపు పట్టీ మీదుగా కలిపి రాసిన పోస్టర్లు కూడా ఉంటాయి. అక్కడ 10:15 నుంచి 11:50 వరకు ఒకే వరుస రాస్తే పిల్లలకు ఇంటర్వెల్ లేనట్టవుతుంది. దాన్ని 10:15 నుంచి 11:00 వరకు ఒకటి, 11:10 నుంచి 11:50 వరకు ఒకటి, ఇలా రెండు వరుసలు చేయాలి.

సమయాల దగ్గర పని మరింత ఓపిక కోరుతుంది. ఈ పోస్టర్ పై వరుసలో మొదలయ్యే సమయాలే ఉన్నాయి. ముగిసే సమయాన్ని లెక్కగట్టాలి. తర్వాతి పీరియడ్ మొదలయ్యే సమయమే ఈ పీరియడ్ ముగిసే సమయం అనుకోవడం సహజం. మొదటి పీరియడ్‌కు అది నిజమే, 9:30కి మొదలై 10:15కి ముగుస్తుంది. రెండో పీరియడ్‌కు అదే సూత్రం వాడితే 11:10 వస్తుంది, కానీ గంట 11:00కే కొడతారు. ఆ సంగతి పై వరుసలో లేదు, సన్నని పట్టీలో నిలువుగా రాసి ఉంది. నిలువుగా పేర్చిన తెలుగు అక్షరాలను సాఫ్ట్‌వేర్ ఒక మాటగా చదవలేదు. ఒక్కో అక్షరాన్ని ఒక్కో రోజుకు చెందిన ముక్కగా ఇస్తుంది. ఆ ముక్కలను చెత్త అనుకుని తీసేస్తే వాటితో పాటు ముగింపు సమయాలూ పోతాయి. అందుకే మూడు పట్టీలనూ మనిషే చూసి చేత్తో రాసుకోవాలి. అప్పుడు రెండో పీరియడ్ ముగింపు 11:00, నాలుగోది 12:30, ఆరోది 2:35, ఎనిమిదోది అడుగున ఉన్న చివరి గంట ప్రకారం 4:05.

తర్వాతి చిక్కు చుక్క. మన పోస్టర్లలో గంటకూ నిమిషానికీ మధ్య రెండు చుక్కలకు బదులు ఒకే చుక్క పెట్టే అలవాటు ఉంది. 11.10 అని ఉన్నది ఉన్నట్టుగా స్ప్రెడ్‌షీట్‌లో కొడితే అది సమయం అనుకోదు, దశాంశ సంఖ్య అనుకుంటుంది. చివరి సున్నాకు విలువ లేదు కాబట్టి దాన్ని తీసేసి 11.1 అని చూపిస్తుంది. దాన్ని తర్వాత చూసినవారు 11 గంటల 1 నిమిషం అనుకోవచ్చు. స్ప్రెడ్‌షీట్‌లోకి వెళ్లకముందే ప్రతి చుక్కనూ రెండు చుక్కలుగా మార్చాలి.

ఆ మార్చే దశలోనే మధ్యాహ్నపు సమయాలను 24 గంటల పద్ధతిలోకి తేవాలి. పోస్టర్ మీద 1.15 అంటే మధ్యాహ్నమని బడికి వెళ్లే పిల్లలకు ఎవరూ చెప్పనక్కరలేదు. స్ప్రెడ్‌షీట్‌కు మాత్రం 1:15 అంటే తెల్లవారుజాము. ఈ తప్పు దాక్కునే తీరు గమనించదగ్గది. ఐదో పీరియడ్ 1:15 నుంచి 1:55 వరకు అని ఉంటే నిడివి 40 నిమిషాలు, అది సరిగ్గానే వస్తుంది. నిడివిని మాత్రమే పరీక్షించేవారికి ఏ అనుమానమూ రాదు. సమయాల ప్రకారం వరుసలను పేర్చినప్పుడు ఐదో పీరియడ్ మొదటి పీరియడ్ కంటే పైకి ఎక్కి కూర్చుంటుంది, అప్పుడు బయటపడుతుంది. పగటి టైమ్ టేబుల్‌కు ఒక సులువైన నియమం ఉంది. ఎడమ నుంచి కుడికి వెళ్తుంటే సమయం పెరగాలి. 11.50 తర్వాత 1.15 వచ్చిందంటే అంకె తగ్గింది, కాబట్టి అక్కడి నుంచి చివరి వరకు 12 కలపాలి. అప్పుడు గురువారం ప్రయోగశాల వరుస ఇలా తయారవుతుంది: గురువారం, 13:15, 14:35, ప్రయోగశాల.

విషయాల పేర్లలో పొడి అక్షరాలు విప్పాలి. ‘భౌ.శా’ భౌతికశాస్త్రం, ‘జీ.శా’ జీవశాస్త్రం, ‘వ్యా.వి’ వ్యాయామ విద్య. వీటిలో అనుమానం లేదు. ‘గ్ర’ అంటే గ్రంథాలయం అయినా, అది మసకబారి ‘గ’గా పడితే గణితంలో కలిసిపోతుంది. అడుగున ఉన్న వివరణను చూడకుండా ఊహతో విప్పకూడదు. గడిలో విషయం కింద ఉపాధ్యాయుల ఇంటి పేరు పొడి అక్షరాలు ఉంటే వాటిని విషయంతో కలిపేయకూడదు. కావాలంటే వాటికి ఐదో నిలువు వరుస పెట్టుకోవచ్చు.

వరుసలన్నీ తయారయ్యాక లెక్క చూడాలి. 6 రోజులకు 8 పీరియడ్ల చొప్పున 48. అడ్డంగా కలిసిన గడులు రెండు, గురువారం ఒకటి, శనివారం ఒకటి. కాబట్టి 46 వరుసలు రావాలి. 45 వస్తే ఒకటి ఎక్కడో జారింది. 44 వస్తే నిలువుగా కలిసిన తెలుగును మూడు రోజులకు పంచలేదేమో చూడాలి.

ఇంతకంటే గట్టి పరీక్ష నిమిషాలది. మొదటి రెండు పీరియడ్లు 45 నిమిషాల చొప్పున, మిగతా ఆరు 40 చొప్పున, రోజుకు 330 నిమిషాలు. వారానికి 1980. ప్రతి వరుసలో ముగింపులోంచి ప్రారంభాన్ని తీసేసి, అన్నిటినీ కూడితే 1980 రావాలి. విరామాలను మరిచిపోయి తర్వాతి పీరియడ్ సమయాన్నే ముగింపుగా వాడితే 2370 వస్తుంది. ఆ తేడా 390, అంటే రోజుకు 65 నిమిషాలు, సరిగ్గా 10, 45, 10 నిమిషాల మూడు విరామాలు. తేడాను చూసి తప్పు ఎక్కడుందో చెప్పగలగడం ఈ లెక్కకున్న బలం. ఒక సమయంలో 3ను 8గా చదివినా, 1ని 7గా చదివినా నిడివి 40 లేదా 45 కాకుండా పోతుంది, వెంటనే దొరుకుతుంది.

శుక్రవారం పీరియడ్లు పక్కకు జరిగిన తప్పును మాత్రం ఈ రెండు లెక్కలూ పట్టలేవు. చివరన ‘ఖాళీ’ వరుస ఒకటి చేరి ఉంటే వరుసలూ 46 ఉంటాయి, నిమిషాలూ 1980 ఉంటాయి. దానికి ఫోటోను పక్కన పెట్టుకుని ఒక్కో రోజు చివరి పీరియడ్‌ను సరిచూడాలి. జరగడం ఎక్కడ మొదలైనా దాని ఫలితం కుడి చివర కనబడి తీరుతుంది. శుక్రవారం ఎనిమిదో పీరియడ్‌లో పోస్టర్ ‘ఆటలు’ అంటుంటే వరుస ‘ఖాళీ’ అంటే, జరిగిందని తేలిపోతుంది. ఆరు రోజులకు ఆరు చూపులు, అంతే.

విషయాల పేర్లకు వేరే పరీక్ష ఉంది. వరుసల్లో వచ్చిన వేర్వేరు పేర్లను ఒకచోట చేర్చి, ఏ పేరు ఎన్నిసార్లు వచ్చిందో చూడాలి. ఒక్కసారే వచ్చిన పేరు మీద అనుమానం పెట్టుకోవాలి. ‘గణితం’ 7 సార్లు, ‘గణిశం’ ఒకసారి వచ్చాయంటే రెండోది చదవడంలో జరిగిన పొరపాటు. పోస్టర్ అడుగున వారానికి గణితం 8 పీరియడ్లని ఉంటే ఆ అనుమానం రూఢి అవుతుంది. బాలసభ, ప్రయోగశాల లాంటివి న్యాయంగానే ఒక్కసారి వస్తాయి, వాటిని చూసి వదిలేయవచ్చు.

ఈ పద్ధతంతా అచ్చు అక్షరాల పోస్టర్లకు. చార్టు పేపర్ మీద స్కెచ్ పెన్నుతో రాసిన టైమ్ టేబుల్‌ను సాఫ్ట్‌వేర్‌తో చదివించడం కంటే ఫోటో చూస్తూ చేత్తో కొట్టుకోవడమే త్వరగా అవుతుంది. ఒక తరగతికి ఉండేవి 48 గడులే. చేత్తో రాసిన చార్టుల్లో పై గడిలోదే కింద కూడా అని చెప్పడానికి రెండు చిన్న గీతలు పెడతారు. వాటిని గీతలుగా వదలకుండా పై గడిలోని మాటను అక్కడ పూర్తిగా రాయాలి. కొట్టుకున్నా, చదివించినా లెక్కలు మాత్రం అవే.

భద్రపరిచేటప్పుడు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఫైలును సీఎస్‌వీగా దాచేటప్పుడు యూటీఎఫ్-8 అన్న రకాన్ని ఎంచుకోకపోతే తెరిచినప్పుడు తెలుగు అక్షరాల స్థానంలో అర్థంలేని గుర్తులు వస్తాయి. రోజుల పేర్లను అక్షర క్రమంలో పేరిస్తే గురువారం మొదట వస్తుంది, తర్వాత బుధ, మంగళ, శని, శుక్ర వచ్చి సోమవారం అన్నిటికంటే కిందికి వెళుతుంది. రోజు పక్కన 1 నుంచి 6 వరకు ఒక అంకె ఉంచి, దాని ప్రకారం పేర్చాలి.

పోస్టర్ అడుగున ఉన్న అమలు తేదీని కూడా ఆ ఫైలు పేరులోనే చేర్చాలి. తెలుగు రాష్ట్రాల్లో మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు మొదలవుతాయి. అప్పుడు విషయాల వరస పాతదే ఉంచినా సమయాలన్నీ మారిపోతాయి. అవి పోస్టర్ మీద ఉండవు, ఏ కాగితం మీదో టైపు చేసి పక్కన అంటిస్తారు. ఆ కాగితాన్ని కూడా ఫోటో తీసి, రోజులూ విషయాలూ అలాగే ఉంచి, ప్రారంభం, ముగింపు నిలువు వరుసలు రెండింటినే మార్చిన మరో ఫైలు తయారు చేసుకోవచ్చు.